ఎగుడుదిగుడు అంచులు, బల్లపరుపు జేబు

దర్జీ కొట్టులో ఆమెని అందరూ గుండుసూది అనేవారు. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పెట్టుకుని పనిచేసేదని కొందరన్నారు. సూదులు తీసేశాక కూడా ఆ నోరు అలాగే గుచ్చుకుంటుందని మిగతావాళ్ళన్నారు. రెండూ నిజమే.

ఆ కొట్టు మావగారిది. గుడ్డ కత్తిరించేది ఆయనొక్కడే. అందుకే ఆయన మాస్టర్. మిగతావాళ్ళు కుట్టేవాళ్ళు. పెద్దకొడుకు, అంటే గుండుసూది మొగుడు, ప్యాంట్లు కుట్టేవాడు. చిన్నకొడుకు కాలర్లూ కఫ్‌లూ చూసేవాడు. పెద్దకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆమెకి జేబులు దక్కాయి, ఎవరికీ అక్కర్లేని పని కనుక. జేబు కుట్టినవాణ్ణి ఎవడూ మెచ్చుకోడు. జేబు చిరిగితే మాత్రం అందరూ తిడతారు. ఆమె దాన్ని అవమానంగా తీసుకోలేదు, వినయంగానూ తీసుకోలేదు. "ఈ ఊళ్ళో ఎవరు చెయ్యి పెట్టినా నా పనిలోనే పెడతారు" అని ఎదురింటి వాళ్ళకి కూడా వినపడేలా చెప్పేది.

ఈమధ్య మాస్టర్ కుడిచెయ్యి వణుకుతోంది. మొన్నొక చొక్కాకి రెండు ఎడమ చేతులు కత్తిరించేశాడు.  కత్తిరింపు బల్లమీద ఉన్న ఆ పొడుగాటి కత్తెర ఇక ఎవరి చేతికి వెళుతుందన్న ప్రశ్న, అన్నం దగ్గర ఉప్పులా, అడక్కుండానే ప్రతి మాటలోకీ వచ్చి పడుతోంది. చిన్నకొడుకు అది తనదేనన్నట్టు పొద్దున్నే దాని పిడి తుడిచేవాడు. పెద్దకొడుక్కి ఆ గొడవే పట్టదు. "కోసిన గుడ్డ మళ్ళీ అతకదు. నాకు కుట్లే నయం, తప్పయితే విప్పుకోవచ్చు" అనేవాడు. గుండుసూదికి మాత్రం ఆ కత్తెర కావాలి. కావాలని ఇంతవరకూ నోరు తెరిచి అడగని వస్తువు ఆమె జీవితంలో అదొక్కటే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. పాత కోటు తెచ్చి, బల్లమీద జేబుని లోపలివైపు తిరగేశాడు.

"మాస్టారూ, ఇది జేబు కాదండీ, దొంగల గుహ. నిన్నంతా ఒక గడియారపు మరమేకు కోసం నేలంతా పాకాను. చూడండి ఎక్కడుందో."

జేబు అడుగు మూలలో, ఒకదానిమీద ఒకటి మడిచిన గుడ్డ మడతల సందులో, గసగసాల గింజంత మర మెరిసింది. ఆయన చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో, దాన్ని పైకి తీశాడు.

"మూల మడత కింద సందుంటే నా సరుకంతా అక్కడే కాపురం పెడుతుంది. మూల చదునుగా ఉండాలి, సందు ఉండకూడదు. పైనుంచి చూస్తే మొన తేలాలి. ఇంకోటి, నా చిమటాలు జేబు అడుగుని పొడుస్తుంటాయి. కింద మడత వెడల్పుగా ఉండాలి. ముందొక జేబు కుట్టి చూపించండి. అది నచ్చితేనే కొత్త కోటు."

మాస్టర్ గుడ్డ పట్టి చూశాడు. మందపాటి నూలు గుడ్డ. పక్కల అరంగుళం మడత, కింద అంగుళం.

"చిన్నోడు కుడతాడు" అన్నాడు.

"జేబులు నావి కదా మావయ్యా" అంది గుండుసూది, నోట్లోంచి సూదులు తీసి. ఆమె సూదులు తీసిందంటే మాట పెద్దదని అర్థం.

"నమూనా కుట్టేవాడే కోటు కత్తిరించాలి వదినా" అన్నాడు మరిది. "నువ్వు కత్తిరిస్తావా ఏంటి?"

"ఎందుకు కత్తిరించను? కత్తెరకి మీసాలుంటాయా?"

ప్యాంట్ల మిషన్ దగ్గర మొగుడు కిసుక్కున నవ్వి, నవ్వలేదన్నట్టు తల దించుకున్నాడు. మాస్టర్ ఇద్దరివంకా చూశాడు. "ఇద్దరూ కుట్టండి. ఎవరి మూల చదునుగా పడుకుంటే వాళ్ళే కోటు కత్తిరిస్తారు. ఆ తర్వాత కత్తెర నా దగ్గరకి రానక్కర్లేదు." ఇంత మాట ఆయన నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు, బహుశా ఆయన కూడా.

మూలల విషయంలో ఆ ఇంట్లో ఒక వేదం ఉంది. అది ఒక అట్టముక్క. మాస్టర్ వాళ్ళ నాన్న కత్తిరించిన ముక్కోణం, చేతిచెమటకి నల్లబడి తోలులా అయింది. మడతపెట్టాల్సిన మూలని, గుడ్డ మంచివైపు లోపలికి వచ్చేలా మడిచి, అంచుకి అంచు సరిగ్గా కలిపి, ఆ అట్ట పెట్టి ఐమూలగా గీత గీసి, గీతమీద కుట్టి, మిగులు కోసేసి, తిప్పితే మూల వస్తుంది. అంచుకి అంచు కలవాలి. ఆ మాట మాస్టర్ కొడుకులకి మాటలు రాకముందే నేర్పాడు. పెద్దల మాట సద్దిమూట అంటారు. సద్ది రెండోరోజుకి పులుస్తుందని మాత్రం ఎవరూ అనరు.

ఇద్దరూ వేదం ప్రకారమే కుట్టారు. ముందుగా అంచులకి పోగులు లేవకుండా ఓవర్‌లాక్ వేసి, మడతలు ఇస్త్రీ చేసి, అట్ట పెట్టి, గీత గీసి, కుట్టి, తిప్పారు. గుండుసూది మూల కుక్కచెవిలా లేచి నిలబడింది. పక్క మడత బిగుసుకుపోయింది, కింద మడత ఉబ్బింది. నీళ్ళు చల్లి ఇస్త్రీపెట్టె బలంగా నొక్కింది. వేడిగా ఉన్నంతసేపూ మూల బుద్ధిగా పడుకుంది. చల్లారగానే మళ్ళీ చెవి నిక్కించింది.

"వినట్లేదా వదినా?" అన్నాడు మరిది.

"వింటోంది. నువ్వు మాట్లాడుతుంటే విందామని లేచింది."

మరిదికీ అదే తంటా. కానీ అతను ఒక ఉపాయం చేశాడు. ఉబ్బు తగ్గాలని లోపలి మిగులుని మొన దగ్గర కుట్టు దాకా కోసేశాడు. మూల చదునైంది. అట్ట నుదుటికి ఆనించుకుని జేబు బల్లమీద పెట్టి ఈలవేశాడు. మాస్టర్ మొహం విప్పారింది.

గుండుసూది తన జేబు విప్పింది. మొదట కోపంగా, తర్వాత నెమ్మదిగా. ఓడిపోయినదానికంటే ఎందుకు ఓడిపోయిందో తెలియకపోవడం ఆమెకి ఎక్కువ మంటగా ఉంది. ఇన్నేళ్ళుగా ఇదే అట్టతో కుట్టిన రుమాళ్ళూ, బల్లగుడ్డలూ చక్కగా పడుకున్నాయి. ఇది ఎందుకు పడుకోదు?

ఈసారి కుట్టకుండా ఊరికే మడిచింది. పక్క మడత లోపలికి వేసి, కింద మడత దానిమీదకి ఎత్తింది. రెండు మడతల అంచులూ లోపల ఒకచోట అడ్డంగా కలుసుకున్నాయి. అక్కడ రెండు అంచులమీదా పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, విప్పి చూసింది.

ఒక గుర్తు పక్క అంచుమీద, కింది మడత గీతకి అంగుళం పైన ఉంది. ఇంకొకటి కింది అంచుమీద, పక్క మడత గీతకి అరంగుళం లోపల. రెండింటినీ కలిపి గీత గీస్తే అది సరిగ్గా రెండు మడతలు కలిసే మూలబిందువు గుండా పోయింది. కానీ వాలు అట్ట వాలు కాదు. అట్ట గీత మూలబిందువు దగ్గరకే రావడం లేదు.

రుమాలుకి నాలుగు పక్కలా ఒకే మడత. దీనికి ఒక పక్క అర, ఒక పక్క అంగుళం. ఒకటికి రెండింతలున్న మడతని సగమున్న మడతతో కలపాలంటే ఎవరు ఊరుకుంటారు? గుడ్డ కూడా ఊరుకోదు.

ఆమె మంచివైపు లోపలికి పెట్టి, మూలబిందువు దగ్గర మడిచి, పక్క గుర్తుని కింది గుర్తుమీదకి తెచ్చింది. గుర్తూ గుర్తూ కలిశాయి. అంచూ అంచూ కలవలేదు. ఒకటి ఇటు, ఒకటి అటు దిక్కులు చూస్తున్నాయి. గుడ్డ మూల ఎక్కడికో పక్కకి జరిగిపోయింది. గుర్తు దగ్గర ఒక గుండుసూది గుచ్చి కుట్టడానికి కూర్చుంటే, మాస్టర్ లేచి వచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మాయ్? అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. విప్పు."

"విప్పను మావయ్యా."

"మా నాన్న నేర్పిన పని అది. ఆయన అట్ట పక్కనపెట్టి..."

"తాతగారు రుమాళ్ళకి కోశారు అట్టని. ఆయన దగ్గరకి గడియారాలాయన రాలేదు కదా."

 మాస్టర్ ఆ అంచుల్ని వేలితో తడిమి చూశాడు. "కుట్టు" అన్నాడు చివరికి. "ముక్కు పగిలితే నాకు చెప్పొద్దు."

ఆమె గుర్తు దగ్గర ఒక వెనక్కుట్టు వేసి, చిన్న చిన్న కుట్లతో మూలబిందువు దాకా వచ్చి, సరిగ్గా అక్కడే ఆగింది. ఒక్క కుట్టు ముందుకి పోలేదు. అక్కడ వెనక్కుట్టు వేస్తే ముద్దవుతుందని దారాలు చేత్తో ముడేసింది. మిగులుని కోసింది, కుట్టు దాకా కాదు, కాస్త ఉంచి. మొన దగ్గర మాత్రం వాలుగా సన్నం చేసింది. కుట్టు పక్కన ఉంచిన మిగులుని చెరోవైపుకీ పరిచి ఇస్త్రీ చేసింది. తర్వాత తిప్పింది. మొనని కత్తెర కొసతో పొడవలేదు. మొద్దుగా ఉన్న కర్రపుల్లతో మెల్లగా లోపలినుంచి నెట్టింది. ఇస్త్రీపెట్టెని ఈడ్చలేదు. ఎత్తి పెట్టింది, ఎత్తి తీసింది. వేడి గుడ్డ ఏ రూపంలో చల్లారితే ఆ రూపమే దానికి గుర్తుంటుంది కనుక, పైన చెక్కదిమ్మ పెట్టి అది చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. రెండో మూల కూడా అలాగే చేసింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ కొట్టు ఎరగదు.

దిమ్మ తీసింది. మూల పడుకునే ఉంది. లేవలేదు. మొన సూదిలా తేలింది.

లోపలి అంచులన్నిటినీ చుట్టూ ఒక వరస కుట్టుతో అణిచేసింది. పాత కోటు ముక్కమీద జేబుని తాత్కాలికంగా కచ్చా కుట్లతో నిలబెట్టి, అంచు వెంబడి మిషన్ నడిపింది. మూల రాగానే సూది గుడ్డలోనే దించి, మిషన్ పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, పాదం దించింది.

మర్నాడు గడియారాలాయన వచ్చాడు. రెండు జేబులూ చూసి మొదట తల గోక్కున్నాడు; పైకి రెండూ బాగున్నాయి. ఆయన చిమటా తీసి మరిది జేబు మూలలో పొడిచాడు. రెండో పోటుకి మొన దగ్గర పోగులు లేచి, మూడో పోటుకి చిమటా బయటకి వచ్చి అందరినీ పలకరించింది.

"అదేంటీ..." అన్నాడు మరిది.

"ఉబ్బు కోసేశావు కదరా, బలం కూడా దాంతోనే పోయింది" అన్నాడు అన్న, తొలిసారి పని ఆపి.

గుండుసూది జేబులో గడియారాలాయన ఎంత పొడిచినా మూల చలించలేదు. అప్పుడు చిటికెడు మరలు అందులో పోసి, కుదిపి, తలకిందులు చేశాడు. తెల్లకాగితం మీద టపటపా రాలాయి. జేబుని తిప్పి లోపల భూతద్దంతో వెతికాడు. వెతకడానికి సందే లేదు.

"ఒక్కటీ దాక్కోలేదు!" అన్నాడు. "అమ్మా, ఇలాంటివి కోటుకి ఎన్ని పెడతారు?"

"మీకు చేతులెన్ని ఉన్నాయో చెప్పండి, దాన్నిబట్టి పెడతాను."

గడియారాలాయన పడీపడీ నవ్వాడు. మాస్టర్ నవ్వలేదు. జేబుని రెండు చేతులతో పట్టుకుని, మూలని బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాడు. తర్వాత అట్టముక్క తీసి ఆ మూలమీద పెట్టి చూశాడు. వాలు కలవలేదు.

"దీన్ని పారేస్తావా ఇక?" అన్నాడు.

"ఎందుకు పారేస్తాను మావయ్యా? రెండు మడతలూ సమానమైతే ఇదే రాజు. కాకపోతే రాజు ఇంట్లో కూర్చోవాలి."

 మాస్టర్ కోటు గుడ్డ బల్లమీద పరిచాడు. "కొలతలు చెప్పనా?"

"చెప్పండి."

కత్తెర మీద మరిది చెయ్యి అప్పటికే ఉంది, తుడిచే అలవాటుకొద్దీ. గుండుసూది దాన్ని అడగలేదు, ఎవరో ఇస్తారని ఆగనూలేదు. అతని చేతికింద నుంచి లాగేసుకుంది. "పిడి బాగా తుడిచావు మరిదీ. రోజూ ఇలాగే తుడుస్తుండు."

సుద్దగీతలన్నీ అయ్యాక ఆమె కత్తెర తెరిచింది. మందపాటి గుడ్డలోకి మొదటి కోత కరకరమంటూ దిగింది. బల్ల అటు చివర దాకా ఎక్కడా ఆగలేదు.