“త్వరలో” అని రాయొద్దు

వాషింగ్ మెషీన్ల కంపెనీ కస్టమర్ సపోర్టు విభాగంలో పదకొండేళ్లుగా జవాబులిస్తున్న ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఆఫీసు మూసేశాక కస్టమర్లకు దానంతటదే వెళ్లే మెసేజ్‌ను మార్చే పని ఆ సాయంత్రం మేనేజర్ ఆమెకే అంటగట్టాడు.

పాతది ఇలా ఉంది: “మీరు మాకెంతో ముఖ్యం. త్వరలో సంప్రదిస్తాం.”

“మర్యాదగానే ఉందిగా, అక్కా,” అన్నాడు మేనేజర్.

“మర్యాదకేం, బోలెడుంది. ఆ ‘త్వరలో’ నమ్మి జనం ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు సార్. విసుగొచ్చి మళ్లీ మెసేజ్ పెడితే మన లిస్టులో అడుక్కి పోతున్నారు. పొద్దున్నే తిట్లు తినేది నేను.”

ఓపిక కూడదీసుకుని టైప్ చేసింది: “మీ మెసేజ్ అందింది. ఇప్పుడు ఆఫీసులో ఎవరం లేం, మన్నించండి. ఆఫీసు మళ్లీ తెరిచే రోజు ఉదయం పదకొండులోపు మాలో ఒకరు జవాబిస్తారు. మళ్లీ పంపితే మీ వరుస వెనక్కి పోతుంది. నీళ్లు కారుతుంటే ముందు కుళాయి కట్టేయండి.”

బ్యాగు సర్దుకుంటుంటే కూతురి మెసేజ్ వచ్చింది: “అమ్మా, ఎప్పుడొస్తావ్?”

అలవాటుగా “వచ్చేస్తున్నా” అని కొట్టింది. పైన నిన్నటి “వచ్చేస్తున్నా”, మొన్నటి “వచ్చేస్తున్నా” కనిపించాయి. చెరిపేసి, “ఎనిమిదవుతుంది. నువ్వు తినేసెయ్,” అని పంపింది.

వెంటనే జవాబొచ్చింది: “అయితే ఇవాళ వేడిగా తింటాను.”