రెండు బండ్ల మక్కలు

మా రైతు సంఘానికి పెద్దగా ఉన్న అమ్మాయి దాణా కంపెనీకి పంపబోయిన మెసేజ్: "అన్నా, మక్కలు మంచిగున్నయి, రెండు బండ్లుంటయి, జల్ది రాండ్రి."

గనిలో గుమాస్తాగా చేసిన నేను దాన్ని దొరల భాషలోకి మార్చేశానని అందరికీ చెబుతాను. నిజానికి పాత టెండరు కాగితం చూసి దించాను: రెండు లారీల మొక్కజొన్న, మొదటి రకం, ధర మా గోదాము దగ్గర, లోడింగు మాది, రవాణా మీది.

పంపాక ఆమె చదివింది.

"కాకా, బండంటే ట్రాక్టరు! లారీలు సగం ఖాళీగ వాపస్ పోతే మల్ల మన మొఖం చూస్తరా?"

"మొదటి రకం" కూడా ఆ పాత కాగితంలోదే. ఆమె తేమ కొలిచిచ్చింది. సవరించి పంపాను: డెబ్బై క్వింటాళ్లు, రెండో రకం, తేమ పద్నాలుగు శాతం, ధర తగ్గించాం, మిగతా షరతులు అవే.

జవాబు వచ్చేదాకా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను.

"చిన్న లారీ పంపుతరట," అంది. "ఇగ కూసో కాకా."