డాక్టరమ్మ సందేశంలో ఎవరూ చదవని భాగం

మా అన్న బనగానపల్లె చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు పట్టి, కాయను బెంగుళూరు మార్కెట్టుకు పంపేవాడు. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి వెన్నెముకలోకి పాకింది. రెండు రకాల కీమో అయ్యాక తీసిన స్కానులో కాలేయంలోనూ కనిపించింది. కర్నూలులో చూస్తున్న డాక్టరమ్మ నన్నూ వదిననూ కూర్చోబెట్టి చెప్పింది కానీ ఆ గదిలో మాకు ఒక్క ముక్కా తలకెక్కలేదు. అది ఆమె గమనించినట్టుంది. సాయంత్రానికి వదిన ఫోనుకు తెలుగులో పెద్ద సందేశం పంపింది, ఇంట్లో నిదానంగా చదువుకోమని.

వదిన చదవకుండానే చిన్నాయనకు పంపింది. నాన్న పోయాక మా ఇంట్లో నిర్ణయాలన్నీ చిన్నాయనవే. ఆయన దాన్ని బంధువుల గ్రూపులో పెట్టాడు. కర్నూలు నుంచి కడప దాకా ఉన్న మా వాళ్లందరూ ఆ గ్రూపులో ఉంటారు. కాంట్రాక్టర్లు, వకీళ్లు, ఓడిపోయిన సర్పంచులు. పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం నాయకుల పుట్టినరోజులు. సందేశం పొడుగైతే ఫోను మొదటి భాగమే చూపిస్తుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. పైకి కనిపించింది ఇంతే: "ఇకమీదట కీమో ఇస్తే ఆయనకు మేలు కన్నా హాని ఎక్కువ. అందుకని పాలియేటివ్ కేర్‌కు మారుదామని నా సలహా."

నొక్కే శ్రమ ఎవరూ తీసుకోలేదు. మరుసటి రోజు నుంచే కార్లు రావడం మొదలైంది.

అన్న అప్పటికి పడుకోలేని స్థితిలో ఉన్నాడు. వీపు మంచానికి ఆనితే నొప్పి. కుర్చీలో కూర్చుని, ముందున్న బల్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి నిద్రపోయేవాడు. డాక్టరమ్మ ఇచ్చిన మార్ఫిన్ మాత్రలు బీరువాలో ఉన్నాయి. పెట్టించింది చిన్నాయన. "అది మత్తుమందు. సచ్చేటోళ్లకు ఇచ్చేది. మింగినాడంటే మళ్లా లేయడు," అన్నాడు. ఆయనకు ఈ విజ్ఞానం ఎక్కడిదని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. మాత్రలు బీరువాలో ఉన్నాయి, మనిషి కుర్చీలో మూలుగుతున్నాడు, దానికి మేము పెట్టుకున్న పేరు ధైర్యం.

వచ్చినవాళ్లు ఆయన్ని చూసి, తల పంకించి, వరండాలోకి వచ్చి గొంతు తగ్గించేవారు. తగ్గించినా లోపలికి వినిపించేంత గొంతులవి.

"సమాధి మీ సొంత తోటలోనే కదప్పా? రోడ్డు పక్కనైతే కార్లు పెట్టుకునేకి సులువుగా ఉంటాది," అన్నాడు ఒక వకీలు.

"మొన్న పెండ్లిలో ఎట్ల తిరిగినాడు! డాక్టర్లే చేతులెత్తేసినాక ఎవురేం చేస్తారు," అంది మేనత్త. కాఫీలో చక్కెర తక్కువైందని కూడా అంది.

మూడో రోజో నాలుగో రోజో అన్న నన్ను పిలిచాడు.

"ఏమ్మే, నేను సచ్చిపోయినానా?"

"ఏం మాటన్నా అది?"

"మరేంది? రోగిని చూసేకి వస్తే పండ్లు తెస్తారు. ఎవురి చేతిలోనూ ఒక ఆపిలుకాయ ల్యా. పోయేటప్పుడు ఒక్కడూ పోయొస్తామని చెప్పడంల్యా, గమ్మున లేచి పోతాండారు. సావింటికాడ కదా అట్ల పోయేది? ఏందో దాస్తాండారు. చెప్పు."

మా వైపు చావు ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు పోయొస్తామని అనరు. డాక్టరమ్మ ఆయనకు ఎలా చెప్పాలా అని ఎంత ఆలోచించిందో తెలియదు కానీ, మా బంధువులు మాత్రం మర్యాద తప్పకుండా చెప్పేశారు.

వదిన ఫోను తెచ్చి సందేశం మొత్తం తెరిచాను. అప్పటిదాకా నేనూ పూర్తిగా చదవలేదు. గట్టిగా చదవమన్నాడు. చదివాను.

"పాలియేటివ్ కేర్ అంటే వదిలేయడం కాదు. కీమో ఆపుతున్నాం, వైద్యం ఆపడంలేదు. నిజానికి ఇది మొదటి కీమోతోపాటే మొదలుపెట్టాల్సింది. ఇప్పుడు మన పని నొప్పి, ఆయాసం, నిద్ర, ఆకలి, మలబద్ధకం, భయం. వీటిలో ప్రతిదానికీ చేయగలిగింది ఉంది.

మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి ఇవ్వండి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, రాకుండా ఉండటానికే ఆ వేళలు. పడుకునే ముందు రెండు ఇస్తే మధ్యలో లేపక్కర్లేదు. ఆ వేళల మధ్యలో నొప్పి పొడిస్తే అదనంగా ఒకటి వేసి, నాకు చెప్పండి, మోతాదు సరిచేస్తాను. మొదటి కొన్ని రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, తగ్గిపోతుంది. విరేచనం మందు మాత్రం రోజూ వేయాల్సిందే. నొప్పికి సరైన మోతాదులో వాడితే ఇది వ్యసనం కాదు, ప్రాణం తీయదు.

వెన్నెముకకు ఒక్కసారి రేడియేషన్ ఇద్దాం. గడ్డ పోవడానికి కాదు, నొప్పి తగ్గడానికి. రెండు మూడు వారాల్లో గుణం కనిపించవచ్చు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా ఆ రోజే తీసుకురండి. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే తీస్తాం. జ్వరం వస్తే చూస్తాం. మా నర్సు ఇంటికి వస్తుంది. తినలేనప్పుడు బలవంతం చేయకండి.

ఎంతకాలమని అడిగారు. నెలల్లోనే, ఏళ్లు కాదు. కచ్చితంగా చెప్పలేను. వేరే డాక్టరును అడగాలనుకుంటే రిపోర్టులన్నీ ఇస్తాను, నేనేమీ అనుకోను. ఒక్కటే కోరిక. ఆయనకు ఏం కావాలో ఆయన్ని అడగండి."

అన్న దిండు మీంచి తల ఎత్తాడు. "యాడుండాయి ఆ మాత్రలు?" అన్నాడు.

వదిన బీరువా వైపు చూసింది కానీ కదల్లేదు. సరిగ్గా అప్పుడే చిన్నాయన వచ్చాడు, తెల్ల చొక్కాలో, కారు తాళాలు తిప్పుతూ.

"లెయ్ నాయనా. బెంగుళూరులో పెద్దాస్పత్రికి ఎమ్మెల్యేతో ఫోను చేయించినా. ఐసీయూలో గది ఉండాది. మన ఇంట్లో మగోన్ని వైద్యం ల్యాకుండా పండబెట్టినారంటే రేపు నలుగుర్లో తలెత్తుకుంటామా?"

"చిన్నాయనా," అన్నాడు అన్న, "నీకు తలెత్తుకునేది కావాల. నాకు వీపు వాల్చేది కావాల. బెంగుళూరులో ఏం చేస్తారంట?"

"ఏమో, పెద్ద డాక్టర్లు, ఏదో ఒకటి చేస్తారు."

"ఈయమ్మ ఏం చేస్తాదో అంతా రాసింది. నువ్వు చదివినావా?"

చిన్నాయన గ్రూపులో పెట్టాను కదా అన్నాడు. పెట్టడమూ చదవడమూ ఆయన దృష్టిలో ఒకటే. అన్న నవ్వబోయి నొప్పితో ఆగాడు. వదిన ఇంక ఎవరినీ అడగలేదు. లేచి బీరువా తెరిచి, చిన్నాయన ముందే మాత్ర అన్న చేతిలో పెట్టింది.

ఆ తర్వాత జరిగింది అద్భుతమేమీ కాదు. రెండు రోజులు మగతగా ఉన్నాడు, చిన్నాయన ఫోను చేసి "చెప్పినానా" అన్నాడు. తర్వాత మగత పోయింది. మోతాదు ఒకసారి పెంచారు. రేడియేషన్‌కు వెనక సీటులో దిండ్లకు ఆనించి తీసుకెళ్లాం. వారం తిరిగేసరికి కుర్చీ మూలకు పోయింది, ఆయన మంచం మీద పడుకున్నాడు. ఆ ఏడు కాయ కోత ఫోనులోనే నడిపించాడు, ధర తక్కువ చెప్పిన వ్యాపారిని పేరుపెట్టి తిట్టాడు. ఆఖరి వారంలో ఆయాసం వస్తే ముఖానికి ఫ్యాను పెట్టి, మందు కాస్త పెంచితే నెమ్మదించింది. వేసవి ముగిసే ముందు ఇంట్లోనే, వదిన పక్కన ఉండగా పోయాడు.

కర్మకాండ రోజు చిన్నాయన వచ్చినవాళ్లకు వేరే కథ చెప్పాడు. "నేను అన్ని ఏర్పాట్లూ చేసినా. ఈళ్లు వదిలేసినారు." అందరూ తల పంకించారు. వాళ్లకు చేతనైన పని అదే.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఆస్పత్రికి తిరిగి ఇచ్చేయాలి, అది నియమం. నేనూ వదినా కర్నూలు వెళ్లాం. డాక్టరమ్మ మాత్రలు లెక్కపెట్టి రాసుకుని, తల ఎత్తి, "చివర్లో నొప్పి ఉండిందా?" అని అడిగింది. ఇంతమంది వచ్చిపోయారు, ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"ల్యాదమ్మా," అంది వదిన. "పండుకోనే ఉన్న్యాడు."