పూలజడ వేసుకున్న మనవడు

తొంభైల్లో మా మనవడికి మూడో ఏట ఐనవిల్లిలో పుట్టువెంట్రుకలు తీయించాం. గుండుకు ముందు మా ఆడవాళ్లు వాడికి గౌను తొడిగి, పూలజడ వేసి, అమలాపురంలో ఫొటో తీయించారు. మా వైపు అదొక ముచ్చట. వాడు అద్దంలో చూసుకుని, "తాతా, నేను ఆడపిల్లనైపోయేను. పెద్దయ్యాక అమ్మనవుతాను" అన్నాడు. అందరూ నవ్వారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన వాడి నాన్న, మా అల్లుడు మాత్రం వాడి చెంప మీద కొట్టాడు. గౌను తొడిగింది పెద్దవాళ్లు, దెబ్బ తిన్నది పసివాడు!

గుండయ్యాక కూడా వాడు అక్క బొమ్మను ఒళ్లో వేసుకుని జోకొడుతుంటే, అల్లుడు భయపడి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను.

"నువ్వు అబ్బాయివా, అమ్మాయివా?" అని ఆవిడ అడిగింది.

"అబ్బాయిని. గుండు చేసేరు కదా!"

ఆవిడ నవ్వింది. "ఈ వయసుకి తామెవరో చెప్పగలరండీ. కానీ జుట్టూ బట్టలూ మారితే అదీ మారిపోతుందనుకుంటారు. మారదని గట్టిగా తెలిసేసరికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఏడేళ్లూ వస్తాయి. ఇక బొమ్మలంటారా, మగపిల్లలూ ఆడుకుంటారండీ. కొట్టకండి."

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు అల్లుడు. ఇంటికి రాగానే బొమ్మను అటక మీదికి విసిరేశాడు.

"తండ్రివి నువ్వు వాణ్ణి ఒళ్లో వేసుకోలేదా? వాడు బొమ్మను వేసుకుంటే తప్పేంటయ్యా?" అని అరిచాను.

"మీరు ఊరుకోండి మావయ్యగారూ" అన్నాడు.

సెలవు అయిపోయి అతను వెళ్లాక బొమ్మ దించి ఇచ్చాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మం వైపు చూశాడు. నాన్న లేరురా అని ఎంత చెప్పినా ముట్టుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ ముట్టుకోలేదు.