తల్లి గడి

బ్యాంకులో అందరూ ఆమెను కళ్లద్దాలమ్మ అంటారు. ఇరవై ఏళ్లుగా పిల్లల ఖాతాల కాగితాలు ఆమె చూశాకే ముందుకు కదులుతున్నాయి. కాగితాల కంటే ముందు ఆమె పిల్లల్ని చూస్తుంది.

ఆ మధ్యాహ్నం ఒకాయన తన అన్న కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ప్రమాదంలో పోయిన తండ్రి బీమా సొమ్ము ఆ పిల్ల పేరిట పడాలి. జనన పత్రం ప్రకారం పిల్లకు తొమ్మిదేళ్లు. అంటే పద్దెనిమిది నిండేదాకా గార్డియన్ సంతకంతోనే డబ్బు బయటికొస్తుంది. ఖాతా ఫారంలో గార్డియన్ గడిలో బాబాయి పేరుంది. తండ్రి మరణ పత్రం జతచేశారు. తల్లి గడిలో మాత్రం "చనిపోయింది" అని ఒక్క మాట.

"తల్లి మరణ పత్రం ఏదండీ?"

"ఎక్కడో పోయింది మేడమ్. సొంత బాబాయిని, నేనేమన్నా దారినపోయే దానయ్యనా?"

"తండ్రి తర్వాత తల్లేనండీ గార్డియన్. ఆమె కూడా లేకపోతే మీరు కోర్టు ఉత్తర్వు తేవాలి."

పిల్ల రెండు జడలూ నున్నగా ఉన్నాయి. పాపిట సన్నని దారంలా తిన్నగా ఉంది.

"జడలు ఎవరేశారమ్మా?"

"అమ్మ. పొద్దున్నే వేసింది."

బాబాయి చెయ్యి పిల్ల భుజం మీద బిగిసింది. "ఊళ్లో బ్యాంకు ఇదొక్కటేనా? పదవే," అంటూ పత్రాలు లాక్కున్నాడు. అద్దాల తలుపు మూసుకున్నాక కూడా ఆ రెండు జడలూ దాని మీద కాసేపు నీడల్లా కదిలాయి.

ఫారం మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. తల్లికి ఒక మాట చెబుదామని కళ్లద్దాలమ్మ ఆత్రంగా తిరగేసింది. చిరునామా, ఫోను నంబరు, రెండూ బాబాయివే.