చందాల కాగితంలో ఒక వాక్యం

అరవై తొమ్మిదిలో నేను నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల తప్పు దొరికితే నాకు పండగ. మా కంపోజిటరు భార్యకు గుండె కవాటం ముడుచుకుపోయింది. వేలూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమన్నారు. చందాల కోసం మా కార్మిక సంఘం కార్యదర్శి కరపత్రం రాసి పంచాడు. "మరణశయ్యపై అభాగ్యురాలు! ఆపరేషన్ జరిగితే సంపూర్ణ ఆరోగ్యం!"

మర్నాడు ఆ అభాగ్యురాలు చిక్కడపల్లి బజార్లో వంకాయలు బేరమాడుతూ కనిపించింది. జనం నవ్వుకున్నారు. ఇస్తామన్నవాళ్లు మొహం చాటేశారు.

నాకు ఒళ్లు మండింది. కొత్తది నేనే రాస్తానన్నాను.

"ఏడిపిస్తెనే ఇస్తరు సారూ" అన్నాడు కార్యదర్శి.

"నమ్మితే ఇస్తారు" అన్నాను.

కంపోజిటరును పక్కన కూర్చోబెట్టుకుని, డాక్టరు అతనితో ఏమన్నాడో అడిగి రాశాను. "ఈమె నడుస్తుంది, వండుతుంది. బిందె ఎత్తితే మాత్రం ఆయాసంతో గోడ పట్టుకుని కూలబడుతుంది. ఆపరేషన్‌తో ఆయాసం తగ్గవచ్చు. ఆపరేషన్‌లో ప్రాణాపాయమూ ఉంది. చేయించకపోతే జబ్బు ముదురుతుంది." కింద, ఎంత కావాలో, మిగిలితే ఏ రోగికి ఇస్తామో రాశాను.

అక్షరాలు పేర్చింది అతనే. మధ్యలో చేయి ఆపాడు.

"ప్రాణాపాయం ముక్క ఉండాల్నా సారూ?"

"దాచినా అబద్ధమే."

అతను తల వంచుకుని పేర్చాడు. ఎందుకడిగాడో నేను అడగలేదు. నా వాక్యం మీద నాకంత మోజు.

ఈసారి నవ్వినవాళ్లు కూడా ఇచ్చారు. వేలూరుకు సరిపడా పోగైంది. ఆ మాట చెప్పాలని ఉబ్బిపోతూ అశోక్ నగర్‌లో వాళ్ల కిరాయి గదికి వెళ్లాను. ఆమె గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో కరపత్రం.

"పాణానికి డోకా ఉన్నదని మీకెప్పుడు తెల్సింది సారూ?"

లోపల కంపోజిటరు గోడ వైపు తిరిగాడు.

"పాలాయనకు తెల్సు. ఇంటి ఓనరమ్మకు తెల్సు. నిన్న నల్లా కాడ ఆమెనే ఈ కాయితం చదివి చేతికిచ్చి, ధైర్నంగ ఉండుమన్నది. గప్పుడు తెల్సింది నాకు."

"మీ ఆయన్ని అడిగే రాశానమ్మా."

"గుండె ఆయనది గాదు గద."

సంజాయిషీ చెప్పబోయాను. ఆమె చేయెత్తి ఆపింది.

"అబద్ధం రాసిన్రని అంటలేను. పోత, కోయించుకుంట. జర ముందుగాల నాకు చెప్తే ఏం పోయేది?"

వేలూరు వెళ్లింది, బతికి వచ్చింది. బిందె కూడా ఎత్తగలిగేది. బజార్లో నేను ఎదురైతే మాత్రం పక్కకు తిరిగి నడిచేది. అందులో ఆమె తప్పేమీ లేదు. కార్యదర్శి ఆమెను జాలికి వాడుకున్నాడని తిట్టినవాణ్ణి, నేను నిజాయితీకి వాడుకున్నాను. ప్రెస్సు నుంచి ఆ గడపకు పావుగంట నడక. అచ్చుకు ముందు ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాలని నాకు తోచనే లేదు.