ముంజేతి మీద రెండో మచ్చ

ఆ బుధవారం మా సమావేశం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మొదలైంది. నిజానికి రెండింటికే మొదలు కావాలి. తిరుపతిలోని మా ఆసుపత్రి మూడో అంతస్తులో ట్యూమర్ బోర్డు ప్రతి బుధవారం కూర్చునేది. చిక్కు కేసు దేన్నీ ఒక్క డాక్టరు నిర్ణయానికి వదలకుండా, సర్జన్, రేడియాలజిస్టు, పెథాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు ఒకే గదిలో కలిసి తేల్చాలన్నది దాని నియమం. పెథాలజీ నాది. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా వారానికి ఆ ఒక్కరోజు వెళ్లి స్లైడ్లు చూసేదాన్ని.

ఆలస్యం సర్జన్‌ది. నా దగ్గర చదువుకున్నవాడే.

"ఏమమ్మా, గడియారం సూస్తా ఉండారా?" అన్నాడు తలుపు తీస్తూనే.

"నువ్వు రాకుంటే ఇంకేం సూడాల? కూర్చో."

మొదటి కేసు చిత్తూరు దర్జీది. నలభై రెండేళ్లు. కుడి ముంజేతి లోపలివైపు నిమ్మకాయంత గడ్డ లేచింది. ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోములో కొవ్వుగడ్డ అనుకుని, ముందు స్కాన్ చేయకుండానే కోసి తీశారు. పరీక్షకు పంపితే అది కొవ్వు కాదని తేలింది. ఆ స్లైడ్లూ, గడ్డ ముక్కలు పొదిగిన మైనపు దిమ్మెలూ మాకు తెప్పించుకున్నాం. మళ్లీ రంగులు వేసి, జన్యుపరీక్షకు కూడా పంపి, నేను చెప్పాల్సింది రూఢి చేసుకునే వెళ్లాను.

"సైనోవియల్ సార్కోమా," అన్నాను. "క్యాన్సరే, అనుమానం లేదు. గడ్డ రెండు ముక్కలుగా వచ్చింది. ఏ అంచు ఎటువైపుదో గుర్తు పెట్టలేదు. కాబట్టి పూర్తిగా వచ్చిందో లేదో నేను చెప్పలేను. లోపల మిగిలిందనే అనుకోండి."

కీమో డాక్టరు తన వంతు క్లుప్తంగా ముగించాడు. ఊపిరితిత్తుల స్కాన్‌లో ఏమీ లేదు. గడ్డ అయిదు సెంటీమీటర్ల లోపలే ఉండింది. ఇంత చిన్నదానికి కీమోతో ఒరిగేది ఎంతో తెలియదు, ఇప్పటికి వద్దన్నాడు.

మిగిలిన ప్రశ్న చెయ్యి ఉంచాలా, తీసేయాలా అన్నది. మచ్చ కిందనే బొటనవేలికీ దాని పక్క వేళ్లకూ వెళ్లే ముఖ్యమైన నరం ఉంది. దర్జీ కత్తెర పట్టేది ఆ నరం బలంతోనే. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండతో కలిపి మళ్లీ కోస్తే చెయ్యి దక్కవచ్చునని రేడియేషన్ డాక్టరు మొదటినుంచీ అంటున్నాడు. సర్జన్‌కు ధైర్యం చాలలేదు.

రేడియాలజిస్టు గోడ మీద ఎమ్మారై బొమ్మలు ఒకటొకటిగా జరుపుతోంది. మా అందరిలో చిన్నది, పలమనేరు పిల్ల. "మచ్చ కింద వాపు ఉండాది. అది గడ్డ మిగులో, కోసిన పుండు వాపో ఇప్పుడు విడదీయలేం. ఇదిగో, ఈడ ఒక సిర..." అని ఆగిపోయింది. నాలుగు బొమ్మలు వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకు వచ్చింది.

"సార్, ఇది సిర కాదు. నేను సిర అని రాసేసినాను. సిర అయితే మచ్చకాడ పుట్టి, మణికట్టుకాడ తోలులోకొచ్చి ఆగదు కదా. ఆడ తోలు మీద ఏమైనా ఉండాదా?"

సర్జన్ తల గోక్కున్నాడు. "సెనగ్గింజంత మచ్చ ఉండాది. దర్జీ కదా, ఇస్త్రీ పెట్టె తగిలిందనుకున్నా."

"అడిగినావా?" అన్నాను.

"లేదమ్మా."

దర్జీనీ, ఆయన భార్యనూ లోపలికి పిలిచారు. ఆయన చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇదేం మచ్చ, భాయ్?" అని అడిగాడు సర్జన్.

"పైపు పెట్టిండేది సార్. ఆపరేషన్ దినం. నెత్తురు నీళ్లు కారేదానికి. మూడో దినం లాగేసినారు."

సర్జన్ ఫైలు తిరగేశాడు. ఆ పైపు సంగతి నర్సింగ్ హోము కాగితంలో లేదు. పైపు మంచికే పెడతారు. కానీ గడ్డ క్యాన్సరైనప్పుడు పైపు వెళ్లిన దారంతా కణాలు అంటి ఉండవచ్చు. దాన్నంతా గడ్డ కిందే లెక్కపెట్టి తీసేయాలి. ఆ దారి చర్మానికీ, కండను కప్పే పొరకీ మధ్య పోయి ఉంటే తీయడం సాధ్యం. పొర దాటి, వేళ్లను ముడిచే కండరాల తాళ్ల మధ్య పోయి ఉంటే వాటన్నిటినీ తీయాలి. అప్పుడు మిగిలే చెయ్యి దేనికీ పనికిరాదు. మోచేతి కింద తీసేయడమే మేలు.

దంపతులను బయట కూర్చోమని, సర్జన్ నర్సింగ్ హోము డాక్టరుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు.

"నిన్ను తప్పు పట్టేదానికి కాదప్పా. ఆ పైపు యాడ తోసినావో సెప్పు. పొర పైనా, కిందా?"

అవతలి డాక్టరు జవాబిచ్చాడు. "పైనే సార్. తోలు కిందనే తోసినా. రాసుండాల్సింది, రాయలా. క్యాన్సర్ అనుకోలే సార్."

సర్జన్ ఫోన్ పెట్టి నావైపు చూశాడు. నేను ఒప్పుకోలేదు. "అది జ్ఞాపకం. చెయ్యి ఒకరి జ్ఞాపకం మీద ఉంచేదీ కాదు, తీసేదీ కాదు. బొమ్మల్లో చూపించండి."

రేడియాలజిస్టు ముంజేతిని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలను ఒక్కొక్కటే ఆపుతూ వచ్చింది. పొర నల్లటి గీతలా కనిపిస్తుంది, పైపు దారి తెల్లటి చుక్కలా. ప్రతి బొమ్మలోనూ చుక్క గీతకు పైనే ఉంది. రేడియేషన్ డాక్టరు లేచి, గోడ దగ్గరికి వెళ్లి, తానూ మొదటినుంచీ చూశాడు. ఎక్కడా కిందికి దిగలేదు.

అప్పుడు నిర్ణయం కుదిరింది. ముందు అయిదు వారాలు రేడియేషన్, రెండో మచ్చ దాకా కలిపి. తర్వాత నెల పైచిలుకు విరామం. ఆ తర్వాత రెండు మచ్చలనూ, మధ్య దారినీ, కింది పొరనూ ఒకే ముక్కగా తీయడం. నరం మీది తొడుగు ఒలిచి నరాన్ని ఉంచడం. తొడ నుంచి చర్మం తెచ్చి కప్పడం. ముందే రేడియేషన్ ఇస్తే పుండు మానడం ఆలస్యమవుతుందని రేడియేషన్ డాక్టరు దాచకుండా చెప్పాడు. అది కూడా రాయించాను.

దంపతులను మళ్లీ పిలిచి సర్జన్ అంతా వివరించాడు. నరాన్ని గడ్డ చుట్టేసి ఉంటే నరమూ పోతుందని, మాట ఇవ్వలేనని చెప్పాడు.

"చెయ్యి తీసేయమంటే తీసేస్తాం. నిర్ణయం నీది."

దర్జీ భార్యను చూశాడు. "కుట్టేది ఈమె కూడా కుడతాది సార్. కత్తిరించేది మాత్రం నేనే."

"ఆ, ఈయన కత్తిరించింది సరిచేసేదానికే నాకు సగం దినం," అంది ఆమె, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఉంచేదానికే సూడండి సార్."

ఆపరేషన్ తర్వాత ఆ ముక్క నా బల్ల మీదికి వచ్చింది, ఈసారి నాలుగు వైపులా గుర్తు దారాలతో. పాత మచ్చ కింద ఒకచోట గడ్డ మిగులు ఉంది. అంచులన్నీ శుభ్రం, వాటిలో క్యాన్సర్ లేదు; నరం వైపు అంచు మాత్రం ఆ మిగులుకు మిల్లీమీటరు దూరంలోనే. పైపు దారిలో ఒక్క క్యాన్సర్ కణం దొరకలేదు. అది తీయకపోయినా సరిపోయేదేమో అని సర్జన్ అన్నాడు. తీసి చూశాకే కదా తెలిసింది అన్నాను.

నరం నిలిచింది; పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. పోయినవి ఇవి: ముంజేతి మీద జానెడు చర్మం, మణికట్టును వంచే తాళ్లలో రెండు, బొటనవేలి మొదట్లో అరచేతి స్పర్శ, తొడ మీద అంతే చర్మం, దర్జీకి ఒక పెళ్లిళ్ల కాలం సంపాదన.